అపరిచితుల దగ్గర గేమ్ క్రెడిట్ కొనేముందు: అమ్మినవాడి చేతిలో ఇంకా ఏం మిగిలింది?

నేను పర్లాకిమిడిలో మొబైల్ రీఛార్జి దుకాణం నడుపుతున్నాను. మా ఊరి తెలుగు ఇళ్లలోని పిల్లలు బడిలో ఒడియా చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు, ఫోన్‌లో ఆడే ఆటలకు మాత్రం పాతపట్నం, టెక్కలి, పలాస వైపు పిల్లలతో జట్టు కడతారు. ఆ జట్ల కోసం పెట్టుకున్న వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లోకే ఆటల్లో డబ్బులా ఖర్చుపెట్టే డైమండ్లు, యూసీ, వాటిని కొనడానికి ప్లే స్టోర్‌లో వేసుకునే రీడీమ్ కోడ్‌లు తక్కువ ధరకు ఇస్తామనేవాళ్లు వచ్చి చేరుతుంటారు. వాళ్లు తెలుగులోనే పలకరిస్తారు, మాది కూడా మీ పక్క ఊరేనంటారు. ఒడిశాలో ఉంటున్న మన పిల్లలకు తెలుగులో మాట్లాడేవాడు సగం చుట్టంలాగే కనిపిస్తాడు కాబట్టి అడగవలసిన ప్రశ్నలు అడగడం మానేస్తారు. డబ్బు పోయాక నా దుకాణానికి వచ్చి ఫోన్ చూపించిన పిల్లలను, వాళ్ల తల్లిదండ్రులను ఇన్నేళ్లుగా చూస్తూ నేర్చుకున్నది ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ముందుగా ఒక ప్రశ్నను మనసులో పెట్టుకోండి. మీరు డబ్బు పంపిన తరువాత, అమ్మినవాడి చేతిలో ఆ వస్తువు ఇంకా ఎంత మిగిలి ఉంటుంది? బియ్యం కొంటే బస్తా మన ఇంటికి వస్తుంది, కొట్లో ఉండదు. గేమ్ కోడ్, గేమ్ అకౌంటు అలాంటివి కావు. కోడ్ అంటే కొన్ని అక్షరాలు, అంకెలు మాత్రమే కనుక దాన్ని చూసిన ప్రతివాడి దగ్గరా అది ఉన్నట్టే లెక్క. అకౌంటు అంటే ఎవరి పేరున, ఎవరి ఫోన్ నంబరుతో పుట్టిందో వాళ్లతో ముడిపడి ఉండేది. ఈ వ్యాపారంలోని మోసాలన్నీ దాదాపుగా ఈ ఒక్క గుణం మీదే ఆధారపడి నడుస్తాయి.

మొదటి మెట్టు: అమ్మేవాడు ఏం అడుగుతున్నాడో విడదీసి చూడండి

పిల్లలు రెండు వేర్వేరు వాటికి ఒకే మాట వాడతారు. "ఐడీ పంపు" అంటే ఆటలో మీకున్న యూఐడీ అంకె కావచ్చు, మీ లాగిన్ కూడా కావచ్చు. ఈ రెంటికీ మధ్య తేడా చాలా ఉంది. ఫ్రీ ఫైర్ మ్యాక్స్ వంటి ఆటలో డైమండ్లు వేయడానికి యూఐడీ ఒక్కటే చాలు. కంపెనీ సొంత టాప్‌అప్ సైటులో ఆ అంకె కొట్టగానే ఆటలోని మీ పేరు తెరమీద కనిపిస్తుంది, డబ్బు కడితే క్రెడిట్ ఆ పేరుకు చేరుతుంది. పాస్‌వర్డ్‌తో గానీ, ఓటీపీతో గానీ, జీమెయిల్‌తో గానీ, ఫేస్‌బుక్ లాగిన్‌తో గానీ ఆ పనికి అవసరం లేదు. కాబట్టి "లాగిన్ ఇవ్వు బ్రో, నేనే లోపలికి వెళ్లి వేస్తాను, అందుకే చవక" అన్నవాడు మీకు క్రెడిట్ అమ్మడానికి వచ్చినవాడు కాదు, మీ అకౌంటు తీసుకుపోవడానికి వచ్చినవాడు. ఇక్కడ ఇంకేమీ పరీక్షించనక్కరలేదు, సంభాషణ ఆపేయండి.

అతను యూఐడీ మాత్రమే అడిగినంత మాత్రాన అంతా సవ్యమని కూడా అనుకోకండి. దొంగిలించిన కార్డుతో మీ యూఐడీకి టాప్‌అప్ చేసేవాళ్లు ఉన్నారు. డైమండ్లు నిజంగానే వస్తాయి, మీరు సంతోషంగా ఖర్చు పెడతారు. కొన్ని రోజులకు కార్డు అసలు యజమాని బ్యాంకుకు ఫిర్యాదు చేస్తే బ్యాంకు ఆ చెల్లింపును వెనక్కి లాగుతుంది, ఆట కంపెనీ తన క్రెడిట్‌ను మీ అకౌంటు నుంచి వెనక్కి తీసుకుంటుంది. అప్పటికే ఖర్చయిపోయి ఉంటే నిల్వ సున్నా కంటే కిందికి పోవచ్చు, అకౌంటు నిలిచిపోవచ్చు. అమ్మినవాడికి మాత్రం మీరు పంపిన డబ్బు అప్పటికే ముట్టి ఉంటుంది.

రెండో మెట్టు: ధరను దుకాణదారుడి కళ్లతో చూడండి

గూగుల్ ప్లే రీఛార్జి కోడ్ ఒకటి 1,000 రూపాయలదైతే, దాని మీద నాలాంటి దుకాణానికి మిగిలేది కొద్ది శాతం మాత్రమే. పేమెంటు యాప్‌లు అప్పుడప్పుడు ఇచ్చే క్యాష్‌బ్యాక్ కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది. అందువల్ల 1,000 రూపాయల కోడ్‌ను ఎవరైనా 970కి ఇస్తే దానికి ఏదో ఒక కారణం ఊహించవచ్చు. 650కి ఇస్తున్నాడంటే న్యాయమైన దారిలో అతనికి ప్రతి కోడ్ మీదా మూడు వందలకు పైగా నష్టం వస్తుంది. రోజూ నష్టపోతూ వ్యాపారం చేసేవాడు ఎవరూ ఉండడు కనుక ఈ మూడింటిలో ఒకటి జరుగుతూ ఉండాలి. అసలు కోడే లేకపోవచ్చు, ఆ కోడ్ దొంగ కార్డుతో కొన్నది కావచ్చు, లేదా ఇంకెవరినో బెదిరించి కొనిపించి లాక్కున్నది కావచ్చు. ఈ మూడోది చాలామందికి తెలియదు. కరెంటు బిల్లు పేరుతోనో, ఉద్యోగం పేరుతోనో మోసం చేసేవాళ్లు బాధితుల చేత గిఫ్ట్ కార్డులు కొనిపించి, వెనకనున్న కోడ్‌ను ఫొటో తీసి పంపమంటారు. ఆ కోడ్‌లు డబ్బుగా మారాలంటే ఎవరో ఒకరు కొనాలి. చవక కోడ్ అనుకుని కొన్న పిల్లవాడు ఆ చివరి కొనుగోలుదారు అవుతాడు. బాధితుడు ఫిర్యాదు చేసి కంపెనీ ఆ కోడ్‌ను స్తంభింపజేస్తే నష్టం పిల్లవాడి ఖాతాలో పడుతుంది.

వేరే దేశపు కోడ్ కాబట్టి చవక అని చెప్పేవాళ్ల మాటను కూడా ఇక్కడే తేల్చుకోవచ్చు. గూగుల్ ప్లే కోడ్ ఏ దేశానిదైతే ఆ దేశపు ప్లే ఖాతాలోనే పనిచేస్తుంది. దేశం మార్చుకోమని అతను చెప్పినట్టు చేస్తే, మళ్లీ ఏడాది వరకు మార్చుకోవడానికి వీలుండదు, పాత దేశపు నిల్వను కొత్త దేశంలో వాడుకోలేరు. అంటే మీ ఖాతాలో అప్పటికే ఉన్న రూపాయలు కూడా అక్కరకు రాకుండా పోతాయి.

మూడో మెట్టు: మొదటి చిన్న కొనుగోలును రుజువుగా తీసుకోకండి

మా వీధిలోని ఇంటర్ కుర్రాడికి జరిగింది ఇక్కడ వివరంగా చెబుతాను, ఎందుకంటే నేను చూసిన కేసుల్లో చాలావరకు ఇదే బాటలో నడిచాయి. టెలిగ్రామ్ గ్రూపులో ఒకతను 100 రూపాయల రీడీమ్ కోడ్ 60కి ఇస్తానన్నాడు. కుర్రాడు 60 పంపాడు, రెండు నిమిషాల్లో కోడ్ వచ్చింది, ప్లే స్టోర్‌లో వేస్తే 100 రూపాయలు జమయ్యాయి. ఇంటి దగ్గర అన్నకు కూడా చూపించాడు. మరునాడు అదే మనిషి, ఈ రోజే ఆఖరని చెప్పి, 2,000 రూపాయల కోడ్ 1,300కి ఇస్తానన్నాడు. కుర్రాడు తన దగ్గరున్నదానికి స్నేహితుల దగ్గర తీసుకున్నది కలిపి, వాళ్ల నాన్నగారి ఖాతా నుంచి 1,300 పంపాడు.

ఈసారి కోడ్ రాలేదు. కార్డు ఫొటో ఒకటి వచ్చింది, అందులో కోడ్‌లోని మొదటి సగం మాత్రమే కనిపిస్తోంది. మిగతా సగం "లాక్" అయి ఉందని, విడుదల కావాలంటే 500 కట్టాలని, అది కోడ్‌తోపాటే తిరిగి వస్తుందని చెప్పాడు. కుర్రాడు అదీ కట్టాడు. అప్పుడు మొత్తం కోడ్ వచ్చింది. ప్లే స్టోర్‌లో వేస్తే ఇది ఇంతకుముందే వాడేసిన కోడ్ అని తెరమీద వచ్చింది. అడిగితే "నువ్వే వాడేసి నన్ను మోసం చేస్తున్నావు, స్క్రీన్ వీడియో పంపు, సరిచూడటానికి 300 కట్టు" అన్నాడు. ఇక్కడ కుర్రాడు భయపడి నా దగ్గరకు వచ్చాడు.

లెక్క వేయండి. మొదటి రోజు అతను 100 పెట్టి కోడ్ కొని 60కి ఇచ్చాడు, అతనికి పోయింది 40 రూపాయలు. ఆ 40 రూపాయలతో అతను కొనుక్కున్నది ఈ కుర్రాడి నమ్మకం. రెండో రోజు 1,800 వచ్చాయి. ముందు చిన్నది కొని చూద్దాం, నిజమైతే పెద్దది కొందాం అని మనం జాగ్రత్త అనుకునే పద్ధతినే అతను ఎరగా వాడుకున్నాడు. అందువల్ల చిన్న కొనుగోలు సవ్యంగా జరిగితే తేలేది ఆ చిన్న కోడ్ నిజమైనదని మాత్రమే, అమ్మినవాడి గురించి అది ఏమీ చెప్పదు.

ఈ కథలో ఇంకొక గుర్తు ఉంది. నిజమైన కోడ్ అమ్మకంలో డబ్బు ఒక్కసారే కడతాం. లాక్ తీయడానికి, జీఎస్టీకి, సరిచూడటానికి, పొరపాటున ఎక్కువ విలువ వచ్చిందని, ఇలా రెండోసారి డబ్బు అడిగిన క్షణంలో అది మోసమని ఖాయం చేసుకోవచ్చు. తిరిగి ఇస్తామన్న మాట వచ్చిందంటే ఇంకా గట్టిగా ఖాయం చేసుకోండి. అప్పటికి పోయిన మొత్తాన్ని కాపాడుకోవాలన్న ఆశే రెండోసారి కట్టిస్తుంది. ఆ కుర్రాడు తెలివితక్కువవాడు కాదు, 1,300 పోకూడదని 500 కట్టాడు.

సగం కోడ్ చూపించే పద్ధతి గురించి కూడా ఒక మాట. సగం చూపించి, డబ్బు వచ్చాక మిగతాది ఇస్తానంటే అది ఇద్దరికీ భద్రంగా ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ పూర్తి కోడ్ అతని దగ్గర ఉంది, మీకు పంపడానికి ఒక నిమిషం ముందు తనే వాడుకోవచ్చు, లేదా పదిమందికి అదే కోడ్ అమ్మవచ్చు. వాళ్లలో ఒక్కరికే అది పనిచేస్తుంది. మిగిలిన తొమ్మిది మందికి వాడేసిన కోడ్ అన్న సందేశమే వస్తుంది, ఎవరు వాడారో నిరూపించే దారి వాళ్లకు ఉండదు.

నాలుగో మెట్టు: పిన్ నొక్కేముందు పేరు చదవండి

యూపీఐలో డబ్బు పంపేటప్పుడు పిన్ అడిగే ముందు, గ్రహీత బ్యాంకు ఖాతాలో ఉన్న పేరు తెరమీద కనిపిస్తుంది. కంపెనీ అధికారిక విక్రేతనని చెప్పుకున్నవాడి క్యూఆర్ స్కాన్ చేస్తే ఎవరో ఒక వ్యక్తి పేరు వచ్చిందంటే, అతను చెప్పినది అబద్ధమని అక్కడే తెలిసిపోతుంది. మొదటి రోజు ఒక పేరు, రెండో రోజు ఇంకొక పేరు వస్తే అవి అద్దెకు తీసుకున్న ఖాతాలని అనుమానించాలి. మా కుర్రాడి విషయంలో 60 రూపాయలు ఒక పేరుకు, 1,300 వేరొక పేరుకు, 500 మూడో పేరుకు వెళ్లాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూపించేదాకా అతను గమనించలేదు. డబ్బు తిరిగి ఇస్తాను, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ నొక్కు అన్నప్పుడు కూడా ఇదే గుర్తుంచుకోండి: డబ్బు పంపడానికి యూపీఐ పిన్ కావాలి, అందుకోవడానికి ఎప్పుడూ అవసరం లేదు.

మధ్యవర్తిని పెట్టుకుందాం, గ్రూపు అడ్మిన్ దగ్గర డబ్బు ఉంచుదాం అనే మాట కూడా వస్తుంది. ఆ అడ్మిన్ యూజర్‌నేమ్‌ను అక్షరం అక్షరం చదవండి. ఒక అక్షరం తేడాతో, అదే ఫొటోతో ఇంకొక ఖాతా మీకు ముందుగా మెసేజ్ పెట్టడం చాలా మామూలు.

ఐదో మెట్టు: అకౌంటు కొనాలనిపిస్తే దాని వేరు ఎక్కడుందో చూడండి

మంచి తుపాకీ స్కిన్లు, పాత సీజన్ల దుస్తులు ఉన్న అకౌంటును 3,000కో, 5,000కో అమ్ముతామంటారు. ఇచ్చేది ఒక జీమెయిల్, దాని పాస్‌వర్డ్. మీరు వెంటనే పాస్‌వర్డ్ మారుస్తారు, రికవరీ నంబరు కూడా మారుస్తారు, ఇక మీదే అనుకుంటారు. కానీ రికవరీ ఫోన్ నంబరు మార్చాక కూడా గూగుల్ 7 రోజుల వరకు పాత నంబరుకు కోడ్ పంపే అవకాశాన్ని ఉంచుతుంది. అకౌంటును ఎవరైనా దొంగిలిస్తే అసలు యజమాని కాపాడుకోవడానికి పెట్టిన ఏర్పాటు అది. అమ్మినవాడు ఆ ఏర్పాటునే వాడుకుని, మూడో రోజో ఐదో రోజో "నా అకౌంటు పోయింది" అని చెప్పి వెనక్కి తీసుకుంటాడు. గూగుల్ దృష్టిలో అతనే నిజమైన యజమాని. పాత పాస్‌వర్డ్ అతనికి తెలుసు, అకౌంటు మొదటి నుంచి తెరిచిన ఫోన్ అతని చేతిలోనే ఉంది.

ఆ గడువు దాటిపోయినా బెడద తీరదు. ఆట కంపెనీలు తమ నిబంధనల్లో అకౌంటు అమ్మకాన్ని, బదిలీని నిషేధిస్తాయి. అమ్మినవాడు పాత చెల్లింపు రసీదులు చూపి కంపెనీకి రాస్తే అకౌంటు అతనికి తిరిగి చేరవచ్చు. నేను కొనుక్కున్నానని మీరు చెబితే నిబంధన ఉల్లంఘించినట్టు మీరే ఒప్పుకున్నట్టవుతుంది, అకౌంటు పూర్తిగా నిలిపివేయవచ్చు. అంటే అకౌంటు కొనుగోలులో మీ వైపు మాట్లాడేవాళ్లు ఎవరూ ఉండరు. ఫలానా గుర్తులు చూసుకుని కొనండి అని చెప్పగలిగిన స్థితి ఇక్కడ లేదు, అందుకే అకౌంటు విషయంలో నా సలహా ఒక్కటే: కొనకండి.

ఇంతకంటే ప్రమాదకరమైనది ఇంకొకటి ఉంది, దీని గురించి తల్లిదండ్రులకు తప్పక చెప్పాలి. కొన్న జీమెయిల్‌ను ఆట కోసం మీ ఫోన్‌లో జతచేశారనుకోండి. పోయిన ఫోన్‌ను వెతికి తాళం వేయడానికి, అందులోని సమాచారం చెరిపివేయడానికి గూగుల్ ఇచ్చే సదుపాయం ఆ జీమెయిల్‌కు కూడా వర్తిస్తుంది. పాస్‌వర్డ్ మళ్లీ దక్కించుకున్నవాడు ఎక్కడో కూర్చుని మీ ఫోన్‌కు తాళం వేయగలడు, దానిలోనివి చెరిపేయగలడు. ఐఫోన్‌లో అపరిచితుడి ఆపిల్ ఐడీతో సెట్టింగ్స్‌లో లాగిన్ అయితే ఇంకా కష్టం, అతను పోయిన ఫోన్‌కు దూరం నుంచే తాళం వేసే లాస్ట్ మోడ్ పెట్టి, తాళం తీయడానికి డబ్బు డిమాండు చేస్తాడు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్‌లోనే తల్లి బ్యాంకు యాప్, తండ్రి ఆధార్ ఫొటో, పిల్లవాడి ఆట ఉంటాయి కనుక నష్టం ఆటతో ఆగదు. ఇప్పటికే జతచేసి ఉంటే, ఇంకేమీ ఆలోచించకుండా సెట్టింగ్స్‌లోని అకౌంట్ల జాబితాలోకి వెళ్లి దాన్ని తొలగించండి.

ఎక్కడ కొనాలి

ఆట లోపల ఉన్న స్టోర్‌లో కొనండి, లేదా మీరు రోజూ వాడే యూపీఐ యాప్‌లోని రీఛార్జి విభాగంలో గూగుల్ ప్లే కోడ్ తీసుకోండి, లేదా కంపెనీ టాప్‌అప్ సైటు చిరునామాను మీరే టైపు చేసి వెళ్లండి. గ్రూపులో వచ్చిన లింకు నొక్కి మాత్రం వెళ్లకండి. దుకాణంలో కార్డు కొంటే గీరే పొర చెక్కుచెదరకుండా ఉందో లేదో చూసుకుని, అక్కడే గీరి, అక్కడే మీ ఫోన్‌లో వేసుకోండి. ఒకసారి మీ ఖాతాలో జమైన నిల్వను ఇంకొకరికి బదిలీ చేయడం కుదరదు కాబట్టి, నా ప్లే బ్యాలెన్స్ నీకు పంపుతాను అని ఎవరైనా అంటే అది సాధ్యం కాని పని అని గ్రహించండి.

డబ్బు పోయాక మొదటి గంటలో

అతన్ని తిట్టకండి, పోలీసులకు చెబుతానని బెదిరించకండి. టెలిగ్రామ్‌లో అతను ఒక్క నొక్కుతో రెండు వైపులా సంభాషణ చెరిపేయగలడు. ముందు మొత్తం సంభాషణకు స్క్రీన్‌షాట్లు తీయండి, అతని యూజర్‌నేమ్, ఫోన్ నంబరు, యూపీఐ ఐడీ, క్యూఆర్ అన్నీ కనిపించాలి. యూపీఐ యాప్‌లో ప్రతి చెల్లింపు తెరిచి, 12 అంకెల లావాదేవీ సంఖ్యను రాసుకోండి. ఆ తరువాత వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. ఆ డబ్బు ఇంకా ఎవరి ఖాతాలోనైనా నిలిచి ఉంటే అక్కడ ఆపించే ప్రయత్నం ఆ ఫోన్‌తోనే మొదలవుతుంది, గంటలు గడిచేకొద్దీ అది ఖాతాలు మారిపోతూ చేతికి దొరకకుండా పోతుంది. ఫిర్యాదును cybercrime.gov.in లో కూడా నమోదు చేయవచ్చు. బ్యాంకుకూ చెప్పండి, కానీ పిన్ మీరే నొక్కిన చెల్లింపు కాబట్టి, మీకు తెలియకుండా జరిగిన లావాదేవీకి ఇచ్చే రక్షణ దీనికి దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. గిఫ్ట్ కోడ్ మీ చేతి నుంచి వెళ్లినదైతే కార్డు, రసీదు పారేయకుండా, ఆ కోడ్ ఇచ్చిన కంపెనీకి కూడా తెలియజేయండి.

మా సరిహద్దు ఊళ్లలో అందరూ ఆగిపోయేది ఇక్కడే. మనం ఒడిశాలో ఉన్నాం, వాడు ఆంధ్రాలో ఉన్నాడో ఇంకెక్కడున్నాడో, ఏ స్టేషనుకు వెళ్లాలి అని రెండు రోజులు చర్చించుకుంటారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం, నేరం ఏ ప్రాంతంలో జరిగినా ఏ స్టేషనులోనైనా సమాచారం ఇవ్వవచ్చు, దీన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. గజపతి జిల్లాలో ఉంటే గజపతి జిల్లాలోనే ఇవ్వండి, పాతపట్నం వరకు వెళ్లనవసరం లేదు.

ఆ కుర్రాడు నా దగ్గరకు వచ్చేసరికి సాయంత్రమైంది. మూడు లావాదేవీ సంఖ్యలు ఒక కాగితం మీద రాసి, వాళ్ల నాన్నగారిని పిలిపించి, ఆయన ఫోన్ నుంచే 1930కి చేయించాను. "మామయ్యా, ముందు నాన్నకు చెప్పొద్దు" అని కుర్రాడు బతిమాలాడు, కానీ డబ్బు కదిలింది నాన్నగారి ఖాతా నుంచి కాబట్టి ఆయన మాట్లాడక తప్పలేదు. ఫిర్యాదు సంఖ్య వచ్చిన రెండు రోజులకు, పోయిన డబ్బు తెప్పిస్తామంటూ ఇంకొకరు టెలిగ్రామ్‌లో మెసేజ్ పెట్టి 400 ఫీజు అడిగారు. ఈసారి కుర్రాడు జవాబు ఇవ్వకుండా స్క్రీన్‌షాట్ తీసి, అదే ఫిర్యాదు సంఖ్యకు జతచేయమని తెచ్చి నాకు ఇచ్చాడు.